చెన్నైలో తమిళ బోర్డు, తమిళ మెనూ: ఫోటో తీసి చదువుకోవడానికి ఏ పద్ధతి మేలు

నెల్లూరు జిల్లాలో చాలామందికి తమిళం చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఆస్పత్రికో, పెళ్ళి చీరలకో, విమానం ఎక్కడానికో చెన్నై వెళ్ళొస్తూ, బస్సులోనూ బజారులోనూ వినీ వినీ మాట పట్టుబడింది. లిపి మాత్రం ఎవరూ నేర్పలేదు. కౌంటర్‌లో మనిషి చెప్తే సగానికి పైగా అర్థమవుతుంది, అదే మాట గోడ మీద ఉంటే బొమ్మే. ఫోటో అనువాదం గురించి అందరికీ ఇచ్చే సలహా మనకి సరిగ్గా అతకనిది ఇందుకే. ఢిల్లీ నుంచి వచ్చినవాడికి అర్థం కావాలి. మనకి ముందు ఉచ్చారణ చాలు, అర్థం చాలాసార్లు దాని వెనకే వచ్చేస్తుంది. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది ఈ తేడాని బట్టే చూడాలి.

దారులు నాలుగున్నాయి. ఫోన్ కెమెరాని బోర్డుకి చూపించి, తెర మీదే తెలుగో ఇంగ్లీషో కనిపించేలా చేసుకోవడం ఒకటి. ఫోటో తీసి, అందులోంచి తమిళ అక్షరాలను విడిగా కాపీ చేసుకుని చదివించుకోవడం రెండోది. తెలిసిన మనిషికి చూపించడం మూడోది. తరచూ వెళ్ళేవాళ్ళు అక్షరాలే నేర్చేసుకోవడం నాలుగోది. నా ఓటు ఎక్కువగా రెండోదానికే. మిగతావి ఏ సందర్భంలో దాన్ని మించుతాయో కూడా చెప్తాను.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో కెమెరా తెరిచి బోర్డు మీద పెడితే తమిళం పోయి, దాని చోట మనం అడిగిన భాష వచ్చి కూర్చుంటుంది. దీనికి మించిన వేగం లేదు. ఆటో దిగి, ఇది మందుల షాపా, స్కానింగ్ సెంటరా అని తేల్చుకోవడానికి ఇది చాలు. చిక్కు ఏంటంటే అసలు అక్షరాలను అది కప్పేస్తుంది. ఏ మాట స్పష్టంగా చదివింది, ఏ మాట ఊహించింది అన్న తేడా తెర మీద కనిపించదు. చెరిగిపోయిన అక్షరం చోటా అదే నునుపైన అచ్చు, బాగున్న అక్షరం చోటా అదే అచ్చు. ఒక చిన్న ఆనవాలు మాత్రం ఉంది. ఫోన్‌ని కాస్త అటూ ఇటూ కదిపి చూడండి. కొన్ని మాటలు నిలకడగా ఉంటాయి, కొన్ని క్షణానికో రకంగా మారతాయి. మారే మాటని నమ్మొద్దు. నిలబడ్డ మాట ఒప్పేనని హామీ ఏమీ లేదు గానీ, కనీసం కెమెరా దాన్ని ప్రతిసారీ ఒకేలా చదువుతోందని తెలుస్తుంది.

రెండో దారిలో పని కాస్త ఎక్కువ. మామూలు ఫోటో తీయాలి. దాన్ని గూగుల్ లెన్స్‌లో తెరిచి, అక్షరాల మీద వేలు నొక్కిపట్టి, కావాల్సిన వరస ఎంచుకుని కాపీ చేయాలి. తర్వాత ట్రాన్స్‌లేట్‌లో తమిళం ఎంచుకుని అక్కడ పెట్టాలి. అనువాదం ఎలాగూ వస్తుంది, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మనం పెట్టిన తమిళం కిందే ఇంగ్లీషు అక్షరాల్లో దాని ఉచ్చారణ కనిపిస్తుంది, పక్కన స్పీకర్ గుర్తు ఉంటుంది. అది నొక్కి వినండి. చెవికి పట్టిన మాట అక్కడే తెలిసిపోతుంది.

చేపల దగ్గర దీని లాభం బాగా తెలుస్తుంది. మెనూలో ‘నెత్తిలి’ అని వినగానే మనకి నెత్తళ్ళు. ‘వంజిరం’ అంటే వంజరమే. ‘సుఱా’ అంటే మన సొర. అదే ఇంగ్లీషు అనువాదం తీసుకుంటే యాంకోవీ, సీర్ ఫిష్, షార్క్ అని వస్తాయి. నెల్లూరు చేపల మార్కెట్‌లో పుట్టి పెరిగినవాడికి ఆ పేర్ల వల్ల ఒరిగేదేమీ లేదు. అనువాదం అడిగితే దగ్గర దారి వదిలి చుట్టు తిరిగినట్టు.

ఉచ్చారణ మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. వినగానే మనదే అనిపించి, అర్థం వేరే అయ్యే మాటలవి. ఆస్పత్రిలో ‘అవసర సిగిచ్చై పిరివు’ అని ఉంటే అది అత్యవసర విభాగం. తమిళంలో అవసరం అంటే తొందర, మనం అనుకునే అవసరం కాదు. ‘కట్టణం’ అంటే రుసుము, కట్టడం కాదు. దారి చూపే బోర్డు మీద ‘వలదు’ అంటే కుడి. పద్యాలు చదువుకున్న తెలుగువాడికి అది ‘వద్దు’ అని వినిపిస్తే తప్పు వాడిది కాదు. మెనూలో ‘తయిర్ పచ్చడి’ అంటే పెరుగుతో చేసింది, రోట్లో నూరింది కాదు. అందుకే విన్నాక అనువాదం కూడా ఒకసారి చూడాలి. చెవి చెప్పిందీ, తెర చెప్పిందీ కలిస్తే ముందుకెళ్ళొచ్చు. కలవకపోతే ఆ మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవాలి.

కొందరు తమిళం నుంచి తెలుగుకి ఒకసారి, ఇంగ్లీషుకి ఒకసారి అనువదించి, రెండూ ఒకటే చెప్తున్నాయి కాబట్టి నిజమేనంటారు. రెంటికీ మూలం ఒకే ఫోటోలోంచి లాగిన ఒకే అక్షరాలు. అక్కడ తప్పు పడి ఉంటే రెండూ కలిసే తప్పుతాయి. ఆ రెండూ తేడాగా వస్తే మాత్రం అది పనికొచ్చే సమాచారం, అక్కడ అనుమానం ఉందని అర్థం.

ఇంకో సాధనం అక్షరముఖ. తమిళ అక్షరాలు పెడితే తెలుగు లిపిలోకి మార్చి ఇచ్చే ఉచిత వెబ్ పేజీ ఇది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉచ్చారణ చదవడం కష్టంగా ఉండే పెద్దవాళ్ళకి ఇది హాయి. అయితే తమిళ లిపి గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. క, గ రెంటికీ అక్కడ ఒకటే అక్షరం. త, ద కీ, ట, డ కీ, ప, బ కీ అంతే. చ అక్షరం చాలా చోట్ల స అని పలుకుతుంది. కాబట్టి అక్షరానికి అక్షరం మారిస్తే దోసై కాస్తా ‘తోచై’ అయి కూర్చుంటుంది. అది తప్పు కాదు, రాత ప్రకారం సరైనదే. పలికేటప్పుడు మనమే మార్చుకోవాలి.

ఇక బోర్డులకీ మెనూలకీ మధ్య తేడా. బోర్డులో మాటలు తక్కువ, తప్పు పడితే జరిమానాయో, తప్పు దారో. అక్కడ అసలు ప్రమాదం వాక్యం చివర ఉంటుంది. తెలుగులో లాగే తమిళంలోనూ కాదు, కూడదు అనే మాట చివరికే వస్తుంది. ‘వాగనంగళ్ నిఱుత్తుమిడం’ అంటే బండ్లు నిలిపే చోటు. ‘వాగనంగళ్ నిఱుత్తక్ కూడాదు’ అంటే నిలపకూడదు. మొదటి మాటా, రెండో మాటలో ముందు సగమూ ఒకటే. బోర్డు మీద కింది వరసని సినిమా పోస్టరో, చెట్టు కొమ్మో కప్పేసిందనుకోండి, మిగిలినదాన్ని తెర నమ్మకంగా పార్కింగ్ అనేస్తుంది. ‘అనుమది’ అని కనిపించి దాని వెనక ‘ఇల్లై’ చిరిగిపోయినా అంతే, లేదన్నది ఉందన్నట్టు అవుతుంది. బోర్డు చివర కనపడనప్పుడు మిగతా మాటలు ఎంత బాగా చదవగలిగినా మొత్తం అర్థం అనుమానమే. నోట్సులో ‘చివర కనపడలేదు’ అని రాసుకుని, అక్కడ ఇంకెవరన్నా బండి పెట్టారా చూసి, లేకపోతే వాచ్‌మన్‌ని అడగండి.

ఫోటో తీసేటప్పుడు బోర్డు నాలుగు అంచులూ, బాణం గుర్తు ఉంటే అదీ లోపలికి రావాలి. ఇడదు అంటే ఎడమ, దాన్నీ వలదునీ బాణంతో సరిచూసుకోవచ్చు. అక్షరాలు పెద్దగా కనపడాలని దగ్గరికెళ్ళి ఒక ముక్కే తీస్తే, సరిచూసే ఆధారమే పోతుంది. ముందు మొత్తం ఒకటి, తర్వాత దగ్గరగా ఒకటి తీసుకోవడం మేలు.

మెనూలో సంగతి తిరగబడుతుంది. అక్కడ ప్రమాదం ఎక్కువగా మాట మొదట్లో ఉంటుంది. ‘సైవం’ అంటే శాకాహారం, ‘అసైవం’ అంటే మాంసాహారం. ఫోటోలో ఎడమ అంచు కాస్త తెగిపోతే అసైవం కాస్తా సైవం అవుతుంది. తెగిందన్న ఆనవాలు కూడా ఉండదు, ఎందుకంటే మిగిలిన ముక్క కూడా నిండైన మాటే. ఇంట్లో శాకాహారులుంటే ఎడమ అంచు పూర్తిగా పడిందా లేదా అన్నది మొదట చూడాల్సిన విషయం.

ఒక మెనూ తీసుకుని చివరిదాకా చూద్దాం. ప్లాస్టిక్ పూత వేసిన కార్డు, పైన ట్యూబులైటు. పైనుంచి నిలువుగా తీస్తే లైటు వెలుగు మధ్యలో తెల్లటి చారలా పడి రెండు వరసలు మాయమవుతాయి. కార్డుని బల్ల మీద పెట్టి, మీరు కాస్త పక్కకి జరిగి, మీ నీడ కూడా పడకుండా తీయండి. ఫోటోలోంచి అక్షరాలు లాగి విన్నాక ఈ వరసలు తేలాయనుకుందాం: కఱి దోసై, ఈరల్ వఱువల్, ఇఱాల్ తొక్కు, సుఱా పుట్టు, చివర అడుగు చిరిగిన చోట ‘…డై వఱువల్’.

కఱి దోసై దగ్గర ఆగాలి. మనకి కర్రీ అంటే కూర, అందులో మాంసం ఉండాలని లేదు. తమిళంలో హోటల్ మెనూ మీద ‘కఱి’ అంటే మాంసమే. కఱి దోసై అంటే మాంసం పరిచి కాల్చిన దోసె, మదురై వైపు పేరున్న వంటకం. అయితే ‘కాయ్‌కఱి’ అంటే కూరగాయలు, ‘కఱివేప్పిలై’ అంటే కరివేపాకు. అనువాదంలో ‘కర్రీ దోసె’ అని వస్తే శాకాహారి నిశ్చింతగా ఆర్డరిచ్చే అవకాశం ఉంది. ఇక్కడ అక్షరం అంతా స్పష్టంగానే ఉంది, అనుమానం అర్థం దగ్గర. నోట్సులో ‘కఱి దోసై: మాంసం దోసె, అడిగి ఖాయం చేసుకోవాలి’ అని రాసుకోవాలి.

తర్వాతి రెండు వరసలు నెల్లూరోళ్ళకి సరైన ఉచ్చు. ‘ఇఱాల్’ అంటే రొయ్యలు. ‘ఈరల్’ అంటే కార్జం. ఒకదాంట్లో దీర్ఘం మొదట ఉంది, ఇంకోదాంట్లో మధ్యలో ఉంది, తొందరగా చదివితే రెండూ ఒకటే. తమిళ రాతలో ఆ అనే గుణింతపు గుర్తు, ర అనే అక్షరం దాదాపు ఒకే ఆకారం. మసక ఫోటోలో యంత్రం ఒకదాన్ని ఇంకోటిగా తీసుకోవడం మామూలే. అక్షరం మీద పెట్టే చుక్క ఎగిరిపోవడం ఇంకో ఇబ్బంది. ఆ చుక్క ఉంటే పొల్లు, లేకపోతే అకారం. పాత కార్డు మీద చుక్క అరిగిపోతే ఇఱాల్ కాస్తా ‘ఇఱాల’ అవుతుంది. విన్నప్పుడు చివర వింతగా సాగితే చుక్క పోయిందని అనుమానించండి. ఇక్కడ అనుమానం అర్థం దగ్గర కాదు, చదవడం దగ్గర. కాబట్టి మందు కూడా వేరే. వెయిటర్‌ని అడిగే ముందు ఆ ఒక్క వరసని దగ్గరగా ఇంకో ఫోటో తీయండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

సుఱా పుట్టు మనకి సులువు, సొర పుట్టు మనకీ ఉంది. పుట్టు అనగానే కేరళలో గొట్టంలో ఉడికించే బియ్యప్పిండి వంటకం అనుకునే అవకాశం యంత్రానికీ ఉంది, బయటివాళ్ళకీ ఉంది. ఇది సొరచేపని ఉడికించి, పొడిగా విదిలించి, ఉల్లిపాయలతో వేయించేది.

చివరిది చిరిగిన వరస. ‘డై’ అని ఒక్క ముక్కే మిగిలింది. కాడై అయి ఉండొచ్చు, అంటే కౌజు పిట్ట. ముట్టై అయి ఉండొచ్చు, అంటే గుడ్డు. తమిళంలో టై అన్నా డై అన్నా ఒకటే అక్షరం కాబట్టి రెండూ కుదురుతాయి. ఇలాంటప్పుడు మాట లోపల వెతకడం ఆపి పక్కకి చూడాలి. ధర ఎంత? పైన ఆమ్లెట్ ధరకి దగ్గరగా ఉంటే గుడ్డు, చికెన్ వరసలకి దగ్గరగా ఉంటే పిట్ట. ఏ విభాగం కింద ఉంది? ఇవి ఆధారాలే గానీ రుజువులు కావు, రాసేటప్పుడు ఆ తేడా కనపడాలి.

నోట్సు ఇలా ఉంటే సరిపోతుంది:

కఱి దోసై = మాంసం దోసె (అర్థం ?)
ఈరల్ వఱువల్ = కార్జం వేపుడు
ఇఱా[ల్] తొక్కు = రొయ్యల తొక్కు (చుక్క కనపడలేదు)
సుఱా పుట్టు = సొర పుట్టు
□డై వఱువల్ = కౌజు పిట్ట / గుడ్డు (ధర బట్టి పిట్ట అనిపిస్తోంది)

కనపడని చోట పెట్టె, ఊహించి నింపిన అక్షరానికి చదరపు కుండలీకరణం, అక్షరం తెలిసీ అర్థం తెలియనిదానికి ప్రశ్నార్థకం, రెండర్థాలుంటే మధ్యలో గీత. గుర్తులు మీకు నచ్చినవి పెట్టుకోండి, నాకు వాటి మీద పట్టుదల లేదు. చదవలేకపోయినదాన్నీ, చదివినా తెలియనిదాన్నీ కలిపి ఒకే ప్రశ్నార్థకంతో వదిలేయకుండా ఉంటే చాలు. మొదటిదానికి ఇంకో ఫోటో కావాలి, రెండోదానికి మనిషి కావాలి. తెచ్చిన నోట్సు ఇంట్లో ఇంకొకరు చూసినా ఏం చేయాలో తెలుస్తుంది.

మూడో దారికి వద్దాం, మనిషి. చెన్నైలో చుట్టాలుంటే వాట్సాప్‌లో ఫోటో పంపడం అలవాటే. వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది, సన్నటి అక్షరాలకి అదే దెబ్బ. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. అడిగేటప్పుడు ‘ఇదేంటి?’ అని కాకుండా ‘ఇక్కడ ఏం రాసుందో చదివి చెప్పక్కా’ అని అడగండి, వాయిస్ మెసేజ్ పెట్టమనండి. అర్థం అడిగితే మనుషులూ ఊహించి చెప్తారు, మొహమాటానికి తెలుసన్నట్టు చెప్తారు. చదవమంటే ఉన్నదే చదువుతారు, అర్థం కావాలంటే తర్వాత అడగొచ్చు. వెయిటర్‌ని అడగడం అన్నిటికంటే తేలిక అనిపిస్తుంది. కానీ చెన్నై హోటళ్ళలో ఉత్తరాది నుంచీ, ఈశాన్యం నుంచీ వచ్చి పనిచేసే కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళకి వంటకాల పేర్లు నోటికొచ్చు గానీ తమిళం చదవడం రాదు. కార్డు చూపిస్తే మీతోపాటు వాళ్ళూ దాన్ని చూస్తూ నిలబడతారు. పేరు పలికి అడగండి, ‘ఈరల్ అంటే?’ అంటే కార్జం చూపిస్తారు.

ఏ యంత్రాన్నీ, ఏ నోట్సునీ నమ్మకుండా నేరుగా మనిషి దగ్గరికే వెళ్ళాల్సిన సందర్భం ఒకటుంది, ఒంటికి పడని పదార్థం. వేరుశనగ పడనివాళ్ళని తీసుకోండి. తమిళంలో ‘వేర్క్‌కడలై’ అంటే వేరుశనగ, ‘కడలై పరుప్పు’ అంటే శనగపప్పు, ‘కడలై మావు’ అంటే శనగపిండి. కానీ ‘కడలై ఎణ్ణెయ్’ అంటే వేరుశనగ నూనె. మనం ఇంట్లో శనగ నూనె అని వేరుశనగ నూనెనే అన్నట్టే. ఒకే మాట పిండి దగ్గర ఒక గింజ, నూనె దగ్గర ఇంకో గింజ. అనువాదం ఏది చెప్పినా అది అక్షరాలా ఒప్పే అయ్యి, మీ పనికి తప్పు కావచ్చు. ఇక్కడ వంటవాళ్ళనే అడగాలి, వీలైతే నూనె డబ్బా చూపించమనాలి.

నాలుగోది, అక్షరాలు నేర్చుకోవడం. నెలనెలా ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు, అక్కడ పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళు దీన్ని పట్టించుకోవాలి. తమిళంలో అచ్చులు 12, హల్లులు 18. మనలా ఒత్తులు లేవు, పొల్లుకి పైన చుక్క పెడితే అయిపోతుంది. తెలుగు చదివే మనిషికి ఇది పెద్ద బరువు కాదు. మొత్తం రాకపోయినా, కూడాదు, ఇల్లై, అసైవం, వలదు, ఇడదు ఇవి ఆకారంతో గుర్తుపడితే బోర్డులో అపాయమైన సగం పోయినట్టే. ఎప్పుడో ఒకసారి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఈ శ్రమ అనవసరం, రెండో దారి చాలు.

ఇదంతా మనం అటు వెళ్ళినప్పటి మాట. మన నెల్లూరు మెస్‌లో మెనూ ఫోటో తీసి బయటి స్నేహితుడికి పంపాల్సి వస్తే పద్ధతి తిరగేయాలి. వాడికి మన ఉచ్చారణ ఉపయోగపడదు. అయినా పేరు తీసేయకూడదు. వాడు వెయిటర్‌తో పలకాల్సింది ఆ పేరే. ‘బొమ్మిడాయిల పులుసు’ అని వాడికి తెలిసిన లిపిలో రాసి, పక్కన పాములా పొడుగ్గా ఉండే మంచినీటి చేప, చింతపండు పులుసు అని వివరించండి. సొర పుట్టు అని రాసిన చోట అనువాదంలో సొరకాయ రాలేదు కదా అని ఒకసారి చూసి పంపండి.